రక్తం ఎక్కిస్తున్న పేషెంట్ బీపీ సహాయకురాలు ఎందుకు చూడకూడదు?

«మేడమ్, అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ మాక్ టెస్టులో డెలిగేషన్, అంటే పని అప్పగించడం గురించిన ప్రశ్నకు నాకు మార్కు వేయలేదు. ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, ఈ నాలుగింటిలో ఏ పనిని లైసెన్స్ లేని సహాయకురాలైన యూఏపీకి అప్పగించవచ్చు అని ప్రశ్న. 1. తుంటి ఎముక ఆపరేషన్ అయిన రెండో రోజు, హిమోగ్లోబిన్ 6.8 ఉన్న పేషెంటుకు 10 నిమిషాల క్రితం రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు, ఇప్పటిదాకా వైటల్స్ నార్మల్, 15వ నిమిషం వైటల్స్ చూడటం. 2. నిన్న పక్షవాతంతో చేరి, ఇంకా మింగే పరీక్ష జరగని పేషెంటుకు మధ్యాహ్న భోజనం తినిపించడం. 3. గుండె వైఫల్యంతో చేరి నాలుగో రోజున ఉన్న, ఒంట్లో నీరు తగ్గించే ఫ్యూరోసెమైడ్ మాత్రలు వాడుతున్న, నిలకడగా ఉన్న పేషెంటు బరువు చూసి, మూత్రం కొలవడం. 4. రేపు ఇంటికి వెళ్లే పేషెంటు ఇన్సులిన్ సరిగా వేసుకుంటున్నాడో లేదో చూడటం. నేను 1 పెట్టాను. కీలో 3 అని ఉంది. వైటల్స్ యూఏపీ పని అని క్లాసులో మీరే చెప్పారు. ఆ పేషెంటు వైటల్స్ నార్మల్‌గానే ఉన్నాయని ప్రశ్నలోనే ఉంది. పైగా ఆ సమయంలో ఆర్‌ఎన్ గదిలోనే ఉంటుంది కదా. గుండె వైఫల్యం అంతకంటే పెద్ద జబ్బు, ఆ బరువును బట్టే డాక్టరు మందు మారుస్తారు. అలాంటిది యూఏపీకి ఎలా ఇస్తాం? కీ వివరణలో 'నిలకడ లేని పేషెంటు వైటల్స్ యూఏపీకి ఇవ్వరాదు' అని ఒక్క వాక్యమే ఉంది. అది నాకు సరిపోలేదు.»

కీ సరైనదే, 3 సరైన సమాధానం, మార్కు మారదు. కానీ ఆ ఒక్క వాక్యపు వివరణ మీకు సరిపోకపోవడం సబబే. ఆ పేషెంటు నిలకడ లేని మనిషి అని ప్రశ్నలో ఎక్కడా లేదు. వైటల్స్ నార్మల్ అని రాసి, కిందనే నిలకడ లేదు అని వివరణ ఇస్తే చదివేవారికి అనుమానం రావాల్సిందే. అసలు కారణం వేరే చోట ఉంది. దాన్ని పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క ప్రశ్న వెనుక ఉన్న ఆలోచన పట్టుబడితే డెలిగేషన్ ప్రశ్నల్లో చాలావాటికి దారి దొరుకుతుంది.

వైటల్స్ యూఏపీ పని అని క్లాసులో చెప్పిన మాట నిజమే. లైసెన్స్ లేని సహాయక సిబ్బంది బీపీ, నాడి, ఉష్ణోగ్రత, శ్వాస లెక్కించి రాయగలరు, అమెరికా ఆసుపత్రుల్లో రోజూ రాస్తారు. మీరు ఆ వాక్యాన్ని పనుల జాబితాగా గుర్తు పెట్టుకున్నారు: వైటల్స్ యూఏపీకి, స్నానం యూఏపీకి, మందులు ఆర్‌ఎన్‌కు, అలా. ఆ జాబితా తప్పు కాదు, కానీ సగమే. డెలిగేషన్ గురించి అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి, అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు అయిదు విషయాలు సరిచూడమంటాయి: సరైన పని, సరైన పరిస్థితి, సరైన వ్యక్తి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. మీరు మొదటిదాన్ని చూశారు, మూడోదాన్ని చూశారు. రెండోదాన్ని దాటేశారు. పరీక్షలో ప్రశ్న తయారుచేసేవారు చాలాసార్లు ఉచ్చు పెట్టేది సరిగ్గా అక్కడే. పని యూఏపీదే అయి ఉంటుంది, పరిస్థితి మాత్రం యూఏపీది కాదు.

ఇక ఆ పరిస్థితి ఏమిటో చూద్దాం. రక్తం ఎక్కించడం మొదలుపెట్టాక మొదటి 15 నిమిషాలు ఆర్‌ఎన్ పేషెంటు దగ్గరే ఉండాలని మనం చదువుకుంటాం. ఎందుకో చాలామంది అడగరు. గ్రూపు కుదరని రక్తం ఒంట్లోకి వెళితే, ఆ ఎర్ర కణాలను పేషెంటు రక్తంలోని యాంటీబాడీలు వెంటనే పగలగొట్టడం మొదలుపెడతాయి. దానికి గంటలు అక్కర్లేదు, కొద్ది మిల్లీలీటర్లు వెళ్లినా చాలు. తీవ్రమైన అలర్జీ కూడా అంతే. అందుకే మొదట్లో నెమ్మదిగా, నిమిషానికి సుమారు 2 మి.లీ. చొప్పున ఎక్కిస్తారు. 15 నిమిషాల్లో వెళ్లేది దాదాపు 30 మి.లీ. మాత్రమే. ఎంత రక్తం వెళ్లిందన్న దాన్నిబట్టే ఎంత నష్టం జరుగుతుందన్నది ఉంటుంది కాబట్టి, 30 మి.లీ. దగ్గర పట్టుకుని ఆపడానికీ, సగం బ్యాగు వెళ్లాక తెలుసుకోవడానికీ మధ్య కిడ్నీలు పోవడమో, ప్రాణం పోవడమో ఉంది. ఆ 15 నిమిషాలు ఒక పరీక్షా కాలం. పేషెంటు అప్పటికి బాగానే ఉన్నాడు, కానీ తర్వాతి నిమిషంలో ఎలా ఉంటాడో ఎవరూ ముందుగా చెప్పలేరు. యూఏపీకి పని ఇవ్వాలంటే ఫలితం దాదాపు ముందే తెలిసినదై ఉండాలి. ఇప్పుడు నిలకడగా ఉండటం వేరు, ఇకముందు ఎలా ఉంటాడో ఊహకు అందడం వేరు. మీ వాదన మొత్తం ఈ రెండింటినీ ఒకటిగా చూడటం మీద నిలబడి ఉంది.

దీన్ని అంకెలతో చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. మీ ప్రశ్నలోని పేషెంటునే తీసుకుందాం. ఉదయం 10 గంటలకు రక్తం మొదలైంది. మొదలుపెట్టే ముందు ఆర్‌ఎన్ చూసిన వైటల్స్: ఉష్ణోగ్రత 98.4, నాడి 84, బీపీ 126/78, శ్వాస 16. ఇప్పుడు మీరు పెట్టిన సమాధానం ప్రకారం యూఏపీని పంపాం. ఊరికే పంపలేదు, హద్దులు కూడా చెప్పాం: ఉష్ణోగ్రత 100.4 దాటినా, నాడి 110 దాటినా, పై బీపీ 100 కంటే తగ్గినా, శ్వాస 24 దాటినా వెంటనే పిలువు అన్నాం. ఇంతకంటే శ్రద్ధగా ఎవరూ చెప్పరు.

10:15కు ఆమె చూసినవి ఇవి: ఉష్ణోగ్రత 99.4, నాడి 104, బీపీ 108/66, శ్వాస 22. పేషెంటు కొంచెం చలిగా ఉందని దుప్పటి అడిగాడు, నడుం పట్టేసినట్టుందని కాస్త పక్కకు ఒత్తిగిలాడు. ఆమె దుప్పటి కప్పింది. అంకెలన్నీ చార్టులో రాసింది. ఒక్క అంకె కూడా మనం చెప్పిన హద్దు దాటలేదు. కాబట్టి ఆమె మనల్ని పిలవలేదు, పక్క గదికి వెళ్లింది. ఆమె చేసిన దానిలో తప్పు వెతకలేం. చెప్పింది చెప్పినట్టే చేసింది.

అదే అంకెలను ఆర్‌ఎన్ చూస్తే ఏమవుతుంది? ఆమె ఒక్కో అంకెను హద్దుతో పోల్చదు, 15 నిమిషాల ముందున్న అంకెతో పోలుస్తుంది. నాడి 20 పెరిగింది, పై బీపీ 18 తగ్గింది, శ్వాస 6 పెరిగింది, ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కింది. నాలుగూ ఒకేసారి, చెడు వైపే కదిలాయి. దానికి చలి, నడుం నొప్పి తోడయ్యాయి. ఆపరేషన్ అయిన మనిషికి నడుం నొప్పి మామూలే అనిపించవచ్చు, కానీ రక్తం ఎక్కుతున్నప్పుడు కొత్తగా వచ్చిన నడుం నొప్పి అంటే ఎర్ర కణాలు పగులుతున్నాయేమో అన్న అనుమానం ముందు రావాలి. ఆ అనుమానం చాలు. ఆమె వెంటనే రక్తం ఆపేస్తుంది. ట్యూబులో మిగిలిన రక్తం కూడా లోపలికి వెళ్లకుండా, పాత ట్యూబు తీసేసి కొత్త ట్యూబుతో నార్మల్ సెలైన్ పెట్టి సిర తెరిచి ఉంచుతుంది. పేషెంటును వదలకుండా డాక్టరుకూ బ్లడ్ బ్యాంకుకూ కబురు చేయిస్తుంది. చేతి పట్టీ మీద ఉన్న పేరు, నంబరు, బ్యాగు మీద ఉన్నవి మళ్లీ కలిపి చూస్తుంది. బ్యాగునూ ట్యూబునూ పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు పంపుతుంది. రక్తం, మూత్రం నమూనాలు తీయిస్తుంది, మూత్రం ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో ఉందా అని చూస్తుంది.

ఇందులో థర్మామీటర్ పెట్టడం అన్నది ఎంత చిన్న భాగమో చూడండి. 15వ నిమిషం వైటల్స్ అని ప్రశ్నలో రాసిన పని పేరుకే వైటల్స్. నిజానికి అది రియాక్షన్ వచ్చిందా లేదా అని తేల్చడం. అంటే అసెస్‌మెంట్. పేషెంటును అంచనా వేయడం, సంరక్షణ ప్రణాళిక వేయడం, ఫలితాన్ని తూచడం, వీటికి కావాల్సిన నర్సింగ్ తీర్పు ఎవరికీ అప్పగించలేనిదని ఆ మార్గదర్శకాలు చెప్పేది దీన్నే. యూఏపీకి పదేళ్ల అనుభవం ఉన్నా ఇది మారదు. అనుభవం ఆమె చేతిని చురుకు చేస్తుంది, ఆమెకు ఆర్‌ఎన్ లైసెన్సును ఇవ్వదు.

ఆర్‌ఎన్ గదిలోనే ఉంటుంది కదా అన్న మీ మాటకు వస్తాను. ఇది మీ వాదనలో బలమైన భాగం, ఎందుకంటే నిజ జీవితంలో అలాగే జరగవచ్చు. ఆర్‌ఎన్ మంచం పక్కనే నిలబడి పేషెంటుతో మాట్లాడుతూ, డ్రిప్పు చూస్తూ ఉంటే, సహాయకురాలు బీపీ పట్టీ చుట్టి మీట నొక్కితే ప్రమాదమేమీ లేదు. కొన్ని ఆసుపత్రులు తమ నియమాల్లో దీన్ని అనుమతిస్తాయి కూడా. కానీ ఆ సందర్భంలో వైటల్స్ చూస్తున్నది ఎవరు? అంకె తెరమీద పడిన క్షణంలోనే దాన్ని చదివి పేషెంటు ముఖంలోకి చూస్తున్నది ఆర్‌ఎన్. అక్కడ పని అప్పగించడం జరగలేదు, చేయి సాయం మాత్రమే జరిగింది. అప్పగించడం అంటే ఆ పని వదిలి ఆర్‌ఎన్ మరో చోటికి వెళ్లగలగడం. ప్రశ్న అడిగింది దాని గురించి. పైగా ఆర్‌ఎన్ గదిలో ఉంటుందన్న మాట ప్రశ్నలో లేదు, మీరు చేర్చుకున్నారు. మనకు నచ్చిన సమాధానాన్ని కాపాడుకోవడానికి ప్రశ్నలో లేని ఒక వాక్యం అవసరమవుతోందంటే, సాధారణంగా ఆ సమాధానం తప్పని అర్థం. మాక్ టెస్టు రాసేటప్పుడు ఈ ఒక్క సంగతి గమనించుకోండి: «ఒకవేళ ఇలా అయితే» అని మీ మనసులో మాట మొదలైన చోట ఆగి, ఆ ఒకవేళ ప్రశ్నలో ఉందో లేదో చూడండి.

ఇక మూడో సమాధానం. గుండె వైఫల్యం పెద్ద జబ్బు, ఆ బరువును బట్టి మందు మారుతుంది, కాబట్టి ఆ పని ఇవ్వకూడదు అన్నారు. జబ్బు పెద్దది కావడం నిజం, బరువు ముఖ్యం కావడం ఇంకా నిజం. కానీ అప్పగించవచ్చా లేదా అన్నది ఆ అంకె ఎంత ముఖ్యం అన్నదాన్ని బట్టి తేలదు. అంకె తీసే క్షణంలో మంచం దగ్గర తీర్పు అవసరమా, అంకె తప్పుగా వస్తే సరిదిద్దుకోవడానికి సమయం ఉందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ పేషెంటు నాలుగో రోజున ఉన్నాడు. మందు సిర నుంచి మాత్రలకు మారింది. తూకం మీద నిలబెట్టి అంకె చదవడంలో తీర్పు లేదు. అంకె మీద అనుమానం వస్తే అయిదు నిమిషాల్లో మళ్లీ తూచవచ్చు, ఆ అయిదు నిమిషాల్లో పేషెంటుకు ఏమీ కాదు. రక్తం ఎక్కుతున్న మనిషి విషయంలో ఆ అయిదు నిమిషాలే అసలు నష్టం. అంకె ముఖ్యమైనది కాబట్టి దాని అర్థం చూసే పని ఆర్‌ఎన్ చేతిలోనే ఉంటుంది, తీసే పని మాత్రమే చేతులు మారుతుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బరువు తీయడం సులువే కానీ, నిర్లక్ష్యంగా తీస్తే ఆ అంకె పనికిరాదు. ఒక కిలో బరువు అంటే సుమారు ఒక లీటరు నీరు. రాత్రికి రాత్రి కిలో పెరిగితే అది కొవ్వు కాదు, నీరు నిలిచిందని అర్థం. కాబట్టి కిలో తేడా వచ్చే పొరపాటు ఏదైనా మందు మార్పును తప్పుదారి పట్టిస్తుంది. టిఫిన్ తిని, కాఫీ తాగాక తూస్తే తేడా వస్తుంది. మూత్రానికి వెళ్లకముందు తూస్తే తేడా వస్తుంది. నిన్న నిలబెట్టే తూకం, ఈ రోజు మంచానికి ఉండే తూకం వాడితే ఇంకా తేడా వస్తుంది. అందుకే అయిదు విషయాల్లో నాలుగోది, సరైన సూచన, ఇక్కడ కీలకమవుతుంది. «ఆ గది పేషెంటు బరువు చూసి రా» అన్నది డెలిగేషన్ కాదు. ఆర్‌ఎన్ చెప్పాల్సింది ఇలా ఉంటుంది:

«రేపు ఉదయం 6 గంటలకు, ఆయన బాత్‌రూమ్‌కు వెళ్లి వచ్చాక, టిఫినుకు ముందు, చెప్పులు లేకుండా, ఈ రోజు వాడిన నిలబెట్టే తూకం మీదే బరువు చూడు. ఈ రోజు 81.2 కిలోలు ఉన్నారు. 82.2 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే, ఇంకో గదికి వెళ్లకముందే నాకు చెప్పు. మూత్రం ప్రతిసారీ కొలత గిన్నెలో పట్టి, ఎంతో, ఎన్ని గంటలకో రాసి, ఆ తర్వాతే పారబోయి. ఎనిమిది గంటల షిఫ్టులో మొత్తం 240 మి.లీ. కంటే తక్కువయ్యేలా ఉంటే షిఫ్టు అయిపోయే దాకా ఆగొద్దు, మధ్యలోనే చెప్పు. నిలబడినప్పుడు ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా బరువు సంగతి వదిలేసి, కూర్చోబెట్టి నన్ను పిలువు. 7 గంటలకు నేను వచ్చి అంకెలు చూస్తాను.»

ఇందులో ఏ పని, ఎప్పుడు, ఎలా, నిన్నటి అంకె ఎంత, ఏ అంకె దగ్గర పిలవాలి, ఏ లక్షణం వస్తే పని ఆపాలి, ఆర్‌ఎన్ ఎప్పుడు వచ్చి చూస్తుంది అన్నవన్నీ ఉన్నాయి. 240 ఎక్కడి నుంచి వచ్చిందంటే, పెద్దవారికి గంటకు కనీసం 30 మి.లీ. మూత్రం రావాలన్న మామూలు లెక్క నుంచి. హద్దు చెప్పడానికి ఇక్కడ అర్థం ఉంది, ఎందుకంటే ఇక్కడ అపాయం నెమ్మదిగా, ఒకే అంకె వెంట నడిచి వస్తుంది. రక్తం ఎక్కేటప్పుడు మనం అంత జాగ్రత్తగా చెప్పిన హద్దులు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు పోల్చి చూడండి. అక్కడ అపాయం ఏ ఒక్క అంకెలోనూ లేదు, అన్నీ కలిసి కదలడంలో ఉంది. హద్దులు రాసిచ్చి కాపాడగలిగిన పని అప్పగించవచ్చు, హద్దుల్లో పెట్టలేనిది అప్పగించలేం.

యూఏపీ చెప్పడం మరిచిపోయి, ఉదయం 7 గంటలకు ఆర్‌ఎన్ చూసేసరికి 84.3 అని ఉందనుకోండి. మూడు కిలోలకు పైగా పెరిగింది. ఆర్‌ఎన్ వెంటనే డాక్టరుకు ఫోను చేయదు, అలాగని అంకెను కొట్టిపారేయదు. పేషెంటు దగ్గరికి వెళుతుంది. ఊపిరితిత్తుల శబ్దం వింటుంది, కాళ్ల వాపు నొక్కి చూస్తుంది, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నారని అడుగుతుంది, నిన్న లోపలికి వెళ్లిన నీరు, బయటికి వచ్చిన మూత్రం లెక్క చూస్తుంది. వాపు లేదు, ఆయాసం లేదు, మూత్రం బాగానే వచ్చింది అంటే, తూకంలోనే పొరపాటు ఉండే అవకాశం ఎక్కువ. అదే తూకం మీద తానే మళ్లీ తూస్తుంది. మళ్లీ 84.3 వస్తేనో, ఆయాసం కనిపిస్తేనో అప్పుడు డాక్టరు. ఈ వరస మొత్తం ఆర్‌ఎన్‌దే, అంకె తీసింది యూఏపీ అయినా జవాబుదారీ ఆర్‌ఎన్‌దే. పని చేతులు మారుతుంది కానీ జవాబుదారీ మారదన్న మాట మీరు చదివే ఉంటారు. ఈ ఉదయం 7 గంటల పని చేయకపోతే ఆర్‌ఎన్ సరిగా అప్పగించనట్టే లెక్క.

మిగిలిన రెండింటి గురించి మీరు అడగలేదు, కానీ రెండోదాని గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చదివి వెళ్లేవారు అక్కడ ఎక్కువగా తడబడతారు. మన వార్డుల్లో పేషెంటుకు తినిపించేది వెంట ఉన్న బంధువులు. కాబట్టి అన్నం తినిపించడం నర్సింగ్ పని అన్న స్పృహే మనకు తక్కువ. పక్షవాతం వచ్చిన పేషెంటుకు మింగే పరీక్ష జరిగేదాకా నోటి ద్వారా ఏమీ ఇవ్వరు. నీళ్లు కూడా. ముద్ద శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా వస్తుంది, కొందరిలో దగ్గు కూడా రాకుండానే జారిపోతుంది. అంటే రెండో సమాధానం తప్పు కావడానికి కారణం యూఏపీ కాదు. ఆ భోజనం ఆ సమయంలో ఆర్‌ఎన్ కూడా పెట్టకూడదు. నాలుగోది మీకు ఎలాగూ తెలుసు: పేషెంటు నేర్చుకున్నాడా లేదా తేల్చడం బోధనలో భాగం, ఫలితాన్ని తూచడం, అది ఆర్‌ఎన్‌దే.

మీరు 1 వైపు మొగ్గడానికి కారణం కూడా మన వార్డుల్లోనే ఉందని నా అభిప్రాయం. నర్సింగ్ మొదటి ఏడాదిలో మనకు ఇచ్చే మొదటి పని టీపీఆర్ చార్టు. వార్డంతా తిరిగి ఉష్ణోగ్రత, నాడి, శ్వాస రాసి సిస్టరుకు ఇవ్వడం. అలా వైటల్స్ అంటే అందరికంటే కొత్తగా వచ్చినవారు చేసే పని అన్న భావన లోపల కుదురుకుంటుంది. గుండె జబ్బు పేషెంటు అంటే మాత్రం పెద్దవాళ్లు చూడాలి అనిపిస్తుంది. రెండూ అలవాటు నుంచి వచ్చినవి. పరీక్ష అలవాటును అడగదు, ఈ నిమిషంలో ఈ మంచం దగ్గర ఎవరి తీర్పు కావాలి అని అడుగుతుంది. మీకు వార్డు అనుభవం ఎక్కువ ఉన్నకొద్దీ ఈ చోట ఇంకాస్త నెమ్మదిగా చదవాలి.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. అమెరికాలో నర్సు ఏం చేయవచ్చు, ఏం అప్పగించవచ్చు అన్నది ఆయా రాష్ట్రాల నర్సింగ్ చట్టం, ఆసుపత్రి నియమాలు తేలుస్తాయి. ఆర్‌ఎన్ కంటే కింది స్థాయి లైసెన్సు ఉన్న నర్సులైన ఎల్‌పీఎన్‌ల విషయంలో ఈ తేడాలు మరీ ఎక్కువ, సిర ద్వారా ఇచ్చే మందులు ఒక రాష్ట్రంలో వారు ఇవ్వగలరు, మరో రాష్ట్రంలో ఇవ్వలేరు. రేపు మీరు ఉద్యోగంలో చేరాక మీ ఆసుపత్రి నియమ పుస్తకం చెప్పిందే మీకు ప్రమాణం, నా మాట కాదు. పరీక్ష మాత్రం అన్ని రాష్ట్రాలకూ ఒకటే కాబట్టి, అన్ని చోట్లా చెల్లే జాగ్రత్త వైపే నిలబడుతుంది. అందుకే «మా బంధువు పనిచేసే ఆసుపత్రిలో యూఏపీలే చూస్తారు» అన్న వాదన నిజమే అయినా కీని కదిలించలేదు.

ఇప్పుడు అదే ప్రశ్నను రెండు మాటలు మార్చి మీకు ఇస్తున్నాను. మొదటి సమాధానంలో రక్తం మొదలుపెట్టి 10 నిమిషాలు కాదు, రెండు గంటలు అయింది. ఆర్‌ఎన్ 15వ నిమిషంలోనూ, మొదటి గంటలోనూ తానే చూసింది, అంకెలు మొదటి అంకెలకు దగ్గరగానే ఉన్నాయి, పేషెంటుకు ఏ ఇబ్బందీ లేదు, ఇప్పుడు రెండో గంట వైటల్స్ చూడాలి. మూడో సమాధానంలో గుండె వైఫల్యం పేషెంటు నాలుగో రోజున లేడు. రాత్రి ఆయాసంతో లేచి కూర్చున్నాడు, ఆక్సిజన్ పెట్టారు, అరగంట క్రితం ఫ్యూరోసెమైడ్ సిర ద్వారా ఇచ్చారు, ఇప్పుడు నిలబెట్టి బరువు చూడాలి.

ఇప్పుడు సమాధానం 1. రక్తం ఎక్కుతున్న పేషెంటు ప్రమాదకరమైన మొదటి దశ దాటాడు, ఆర్‌ఎన్ తన తీర్పు అప్పటికే ఇచ్చేసింది, యూఏపీ వైటల్స్ చూసి మొదటి అంకెలతో పాటు చెప్పవచ్చు. అయితే జ్వరం, చలి, దద్దుర్లు, ఆయాసం, నడుం నొప్పి, వీటిలో ఏ ఒక్కటి పేషెంటు చెప్పినా అంకె ఎలా ఉన్నా వెంటనే పిలవాలని ఆమెకు చెప్పి పంపాలి. ఎక్కువ రక్తం లోపలికి వెళ్లినకొద్దీ గుండె మీద భారం పెరిగి ఆయాసం రావడం ఈ దశలోనే ఎక్కువ. గుండె వైఫల్యం పేషెంటును మాత్రం ఇప్పుడు తూకం మీదికి లేపేదీ లేనిదీ తేల్చాల్సింది ఆర్‌ఎన్. మందు పనిచేయడం మొదలయ్యాక బీపీ పడిపోవచ్చు, నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. మంచం తూకం వాడాలా, బరువు కాసేపు ఆపాలా అన్న నిర్ణయం కూడా ఆమెదే. పనుల పేర్లు ఏవీ మారలేదు, వైటల్స్ వైటల్సే, బరువు బరువే. ఈ రెండో ప్రశ్నకు మీరు ముందు ఏం పెట్టేవారో, దానికి మీ కారణం ఏమిటో ఒక వాక్యంలో రాసి పంపండి. ఆ వాక్యంలో పని పేరు ఉందా, పేషెంటు పరిస్థితి ఉందా అన్నది చూసి, తర్వాత ఏ ప్రశ్నలు చేయాలో చెబుతాను.